టిఫిన్ సెంటర్ లెక్కతో ఇంటర్వ్యూ జవాబు

ప్రశ్న: సీఎంఏ ఇంటర్ చదువుతున్నాను. నాన్నకు టిఫిన్ సెంటర్ ఉంది. లాభం పెరగాలంటే పీ/వీ రేషియో పెంచాలా, ఫిక్స్‌డ్ ఖర్చులు తగ్గించాలా అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: ముందు అమ్మకాలెంతో అడగండి. అది తెలియకుండా ఏ వైపు మాట్లాడినా గుడ్డి జవాబే అవుతుంది.

మీ నాన్నగారి కొట్టునే తీసుకుందాం. నెలకు అమ్మకాలు 5 లక్షలు. బియ్యం, మినప్పప్పు, నూనె, గ్యాస్, పార్సిల్ కవర్లకు 3 లక్షలు. అద్దె, జీతాలకు 1.5 లక్షలు అనుకోండి. కాంట్రిబ్యూషన్ 2 లక్షలు, పీ/వీ రేషియో 40 శాతం, లాభం 50 వేలు. ఇప్పుడు ఫిక్స్‌డ్ ఖర్చులో 15 వేలు తగ్గిస్తే లాభం 65 వేలవుతుంది. అలా కాకుండా పీ/వీని 40 నుంచి 43కి తెచ్చినా అదే 65 వేలు. ఇక్కడ రెండూ సమానం.

అమ్మకాలు 3 లక్షలే ఉంటే ఆ 3 పాయింట్ల వల్ల వచ్చేది 9 వేలే, ఫిక్స్‌డ్ ఖర్చులో మిగిలేది మాత్రం 15 వేలు. అదే అమ్మకాలు 8 లక్షలైతే పీ/వీ 24 వేలు తెస్తుంది. రెండూ సమానమయ్యే చోటు కనుక్కోవాలంటే మిగిలే ఫిక్స్‌డ్ ఖర్చును పీ/వీ పెరుగుదలతో భాగించండి: 15,000 ÷ 0.03 = 5,00,000. అమ్మకాలు అంతకు మించితే పీ/వీ వైపు, తక్కువైతే ఫిక్స్‌డ్ ఖర్చు వైపు మొగ్గండి.

చాలామంది తప్పు చేసేది ధర పెంచినప్పుడు. 100 రూపాయల ప్లేటును 105 చేస్తే పీ/వీ 45 శాతమని రాసేస్తారు. కాదు. 105లో 60 పోగా మిగిలేది 45. 45ను 105తో భాగిస్తే 42.86 శాతమే. పైగా ధర పెరిగితే గిరాకీ తగ్గొచ్చు. ప్లేటుకు మిగిలేది 40 నుంచి 45కి పెరిగింది కాబట్టి, ప్లేట్లు సుమారు 11 శాతం దాకా తగ్గినా పాత కాంట్రిబ్యూషన్ నిలుస్తుంది. అంతకంటే పడిపోతే ధర పెంచి నష్టపోయినట్టే.

ఖర్చు కోతకూ ఇలాంటి గీత ఒకటుంది. 15 వేల జీతం మిగులుతుందని సర్వర్‌ను తీసేశారనుకోండి. ఉదయం రద్దీలో బల్ల దగ్గరికి ఎవరూ రాక జనం వెళ్లిపోతే, నెలకు 37,500 అమ్మకం పోగానే (15,000 ÷ 0.40) ఆ ఆదా హరించుకుపోతుంది. రోజుకు 1,250 రూపాయలు, అంటే ఆ 100 రూపాయల ప్లేట్లు 12, 13 అంతే. అద్దె తగ్గించుకుంటే ఈ బెడద లేదు. అందుకే ఏ ఫిక్స్‌డ్ ఖర్చును కోస్తున్నారో కూడా ఇంటర్వ్యూలో చెప్పండి.

ఇంటర్వ్యూకి ముందు నాన్నగారి కొట్టు నెల బిల్లులు తీసుకుని ఈ లెక్క ఒకసారి స్వయంగా వేయండి. కరెంటు బిల్లును మొత్తంగా ఒకే వైపు వేయకండి. అందులో యూనిట్లు ఎన్ని వాడినా మారని భాగం ఫిక్స్‌డ్‌లోకి, గ్రైండర్ నడిచిన కొద్దీ పెరిగేది వేరియబుల్ ఖర్చులోకి వెళ్లాలి.