ఆయాసం అనే ఒక్క మాటకు ఇంగ్లీషులో నాలుగు పదాలు: నా నర్సింగ్ నోటుబుక్కు

ప్రశ్న: "మాది కావలి దగ్గర పల్లెటూరు. జీఎన్ఎం మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. రెస్పిరేటరీ చాప్టర్లో డిస్ప్నియా, ఆర్థాప్నియా, వీజ్, స్ట్రైడర్ లాంటివి ఎన్నిసార్లు చదివినా ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. తెలుగు అర్థాలతో ఒక నోట్సు రాసుకుందామనుకుంటున్నా. ఎలా రాసుకుంటే ఉపయోగం ఉంటుంది? అలా రాసుకున్నవాళ్లు ఎవరైనా చెప్పండి."

నేను రాసుకున్నాను చెల్లీ. ఒంగోలులో చదివేటప్పుడు మొదలుపెట్టాను. ఇప్పుడు నెల్లూరులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా ఆ నోటుబుక్కులో పదాలు చేరుస్తూనే ఉన్నాను.

మొదట నేను చేసిన తప్పు చెబుతాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని డిస్ప్నియాకి ఎదురుగా "శ్వాసకృచ్ఛ్రం" అని రాశాను. అలాగే ఒక నలభై పదాలు రాసి బట్టీ పట్టాను. వార్డులోకి వెళ్లాక తెలిసింది, ఆ మాట అనే పేషెంటు ఒక్కరూ లేరని. అప్పుడు అది కొట్టేసి "ఆయాసం" అని రాసుకున్నాను. అసలు ఇబ్బంది అక్కడే మొదలైంది. ఎందుకంటే మన ఆయాసం చాలా పెద్ద మాట. మెట్లెక్కితే ఆయాసం, నీరసమొస్తే ఆయాసం, పెళ్లిభోజనం తిన్నాక భుక్తాయాసం. ఇక ఉబ్బసం ఉన్నవాళ్లు జబ్బు పేరే ఆయాసం అంటారు. ఇంగ్లీషు పుస్తకం దీన్నే నాలుగు ముక్కలు చేసి నాలుగు పేర్లు పెట్టింది.

రెండో సంవత్సరంలో మెడికల్ వార్డులో ఉన్నప్పుడు కందుకూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చాలా ఏళ్లు పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసినవాడు, చుట్ట అలవాటు కూడా ఉంది. హిస్టరీ తీసుకోమని నన్ను పంపారు. "ఏం తాతా, ఏమైంది?" అంటే "ఆయాసం పాపా, శానా రోజుల్నించి ఉండాది" అన్నాడు. నేను ఇంకేమీ అడగకుండా "ఆస్తమా, చాలా కాలంగా" అని రాసేశాను. ఇన్‌చార్జి సిస్టరమ్మ ఆ కాగితం చూసి నాతోపాటు మంచం దగ్గరికి వచ్చి ఒక్క మాట అడిగింది: "తాతా, రాత్రిపూట తలకింద ఎన్ని దిండ్లు పెట్టుకుంటావు?" ఆయన చెప్పేలోపే కూతురు అందుకుంది. "దిండ్లు యాడమ్మా, నెలరోజుల్నించి గోడకానుకుని కూర్చొనే నిద్రపోతా ఉండాడు మా నాయన."

సిస్టరమ్మ ఆయన కాలి ముందు ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీసింది. వేలు దిగినచోట గుంట అలాగే నిలిచిపోయింది, కాళ్లకు నీరు పట్టిందన్నమాట. అది ఆస్తమా కాదు, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని డాక్టరు గారు పరీక్షలయ్యాక చెప్పారు. నేను "ఆయాసం" అని విన్నది ఆర్థాప్నియా. పడుకుంటే వచ్చి, లేచి కూర్చుంటే తగ్గే ఆయాసం అన్నమాట.

ఆ రోజు రాత్రి హాస్టల్లో నోటుబుక్కు మళ్లీ మొదటి పేజీ నుంచి రాశాను. ఒక పదానికి ఒక అర్థం అనే పద్ధతి మానేసి, పదానికి నాలుగు వరుసలు వదిలాను. ఆర్థాప్నియా పేజీ ఇలా ఉంటుంది:

పదం: ఆర్థాప్నియా. ఆర్థో అంటే నిటారు, ప్నియా అంటే ఊపిరి.
పేషెంటు ఎలా అంటాడు: "పడుకుంటే ఊపిరాడదు", "కూర్చొనే నిద్రపోతా".
నేను ఏం అడగాలి: "తలకింద ఎన్ని దిండ్లు? ఇంతకుముందు ఎన్ని?"
దేంతో కలిసిపోతుంది: నిద్రలోంచి లేపే ఆయాసం పీఎన్‌డీ, ఉత్త ఆయాసం.

మూడో వరుసే ముఖ్యం. ప్రశ్న గుర్తుంటే పదం దానంతట అదే గుర్తొస్తుంది. దిండ్ల లెక్క కేసు షీటులో కూడా రాస్తారు. నిన్న రెండు, ఇవాళ మూడు అంటే జబ్బు పెరుగుతోందని అర్థం. అలాగని ఆర్థాప్నియా అంటే గుండె జబ్బే అని మాత్రం రాసుకోవద్దు. సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ముదిరినప్పుడూ, ఆస్తమా తీవ్రంగా వచ్చినప్పుడూ మనిషి పడుకోలేడు. పదం లక్షణానికి పేరు, జబ్బుకు కాదు.

మిగతా మూడూ ఇదే దారిలో విడదీయవచ్చు. డిస్ప్నియా అంటే పేషెంటుకు ఊపిరి అందనట్టు అనిపించడం. అది ఆయన చెబితేనే మనకు తెలుస్తుంది. టాకిప్నియా మనం లెక్కపెట్టేది. పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు, అది దాటితే టాకిప్నియా. మనిషి "నాకేం లేదు" అంటున్నా లెక్క 28 రావచ్చు, ఆయాసమని అల్లాడుతున్నా 18 ఉండవచ్చు. అందుకే రెండు పేర్లు. నాలుగోది పీఎన్‌డీ, అంటే పరాక్సిస్మల్ నాక్టర్నల్ డిస్ప్నియా. ఇందులో మనిషి పడుకుంటాడు, నిద్రా పడుతుంది. గంటా రెండు గంటలకు ఊపిరాడక ఉలిక్కిపడి లేచి, గాలి కోసం వసారాలోకి వెళ్లి కూర్చుంటాడు. "పడుకోగానే వస్తుందా, నిద్రపట్టాక లేపుతుందా?" అని అడిగితే ఆర్థాప్నియా, పీఎన్‌డీ విడిపోతాయి.

ఆయాసం ఎంత అన్నదానికి ఎంఎంఆర్‌సీ స్కేలు అని 0 నుంచి 4 దాకా ఉంటుంది. నేను దాన్ని మన ఊరి పనుల్లోకి మార్చి రాసుకున్నాను. ఈడువాళ్లతో కలిసి నడవలేక వెనకబడితే 2. వంద మీటర్లు, అంటే బోరింగు దాకా పోయేలోపే ఆగి నిలబడాల్సి వస్తే 3. చొక్కా తొడుక్కుంటేనే రొప్పు వస్తే 4.

ఒక జాగ్రత్త. "ఎగశ్వాస" అనే మాట నోట్సులో ఉంటే ఉండనీ, బంధువుల ముందు మాత్రం అనొద్దు. ఆఖరి ఘడియల్లో తీసే ఊపిరికి ఆ మాట వాడతారు, విన్నవాళ్ల గుండె జారిపోతుంది. నేను ఒకసారి అనేసి ఆ ఇంటావిడ ఏడుపు చూశాను. "గసపోస్తోందా?" అని అడుగు చాలు.

ఇక శబ్దాలు. వీజ్‌కి మన "పిల్లికూతలు" కన్నా మంచి మాట లేదు. గాలిగొట్టాల కింది కొమ్మలు సన్నబడితే, ముఖ్యంగా ఊపిరి వదిలేటప్పుడు ఈలలాగా వినిపిస్తుంది. స్ట్రైడర్ ఊపిరి పీల్చేటప్పుడు గొంతు దగ్గర వచ్చే బిగ్గర మోత. పైన, స్వరపేటిక చుట్టుపక్కల దారి మూసుకుపోతోందని అర్థం, వెంటనే డాక్టరును పిలవాలి. ఇంట్లోవాళ్లు రెంటినీ "కూతలు" అనే చెబుతారు. కాబట్టి పక్కన నిలబడి పొట్ట కదలిక చూస్తూ, మోత పీల్చేటప్పుడా వదిలేటప్పుడా అని నువ్వే చూసుకోవాలి. క్రాకిల్స్ అంటే ఏమిటో తెలియాలంటే చెవి దగ్గర నాలుగు వెంట్రుకలు వేళ్ల మధ్య నలిపి విను. సన్నటి క్రాకిల్స్ స్టెతస్కోపులో అచ్చం అలాగే ఉంటాయి.

పిల్లల వార్డులో చెస్ట్ ఇన్‌డ్రాయింగ్ అనే పదం వస్తుంది. తల్లులు "డొక్కలు ఎగరేస్తా ఉండాడమ్మా" అంటారు. మన మాటలో ఎగరడం ఉంది, ఇంగ్లీషు మాటలో లోపలికి పోవడం ఉంది. నాకు చాలా రోజులు ఇది అర్థం కాలేదు. చొక్కా పైకెత్తి చూడు. బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు మామూలుగా రొమ్మూ పొట్టా రెండూ పైకి లేస్తాయి. ఇక్కడ పొట్ట లేస్తుంది, పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతుంది. ఏడుస్తున్నప్పుడో పాలు తాగుతున్నప్పుడో చూస్తే లెక్క తప్పు. బిడ్డ నెమ్మదించాక ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఆ పైన ఐదేళ్ల దాకా 40, అంతకు చేరినా దాటినా వేగమే. "నెమ్ము చేసింది" అంటే న్యుమోనియా అని రాసేయకు. మామూలు జలుబుకీ చాలామంది అదే మాట అంటారు.

స్ప్యూటమ్ గురించి ఇంకాస్త చెప్పాలి. నేను దానికి "ఉమ్మి" అని రాసుకున్నాను, టీబీ పరీక్షకు డబ్బా ఇచ్చి "దీంట్లో ఉమ్మండి" అని చెప్పేదాన్ని. పాపం వాళ్లు చెప్పినట్టే ఉమ్మేవాళ్లు. ల్యాబు నుంచి "సెలైవా, మళ్లీ పంపండి" అని వచ్చేది. నోట్లో ఊరేది సెలైవా, పల్చగా నీళ్లలా నురగతో ఉంటుంది. స్ప్యూటమ్ రొమ్ములోంచి దగ్గితే వచ్చేది, చిక్కగా జిగటగా తీగ సాగుతుంది. మన దగ్గర దానికి కఫం, తెమడ, గళ్ల అని మూడు మాటలున్నాయి, నేనే తప్పు మాట పట్టుకున్నాను. ఇప్పుడు ఇలా చెబుతాను: "పెద్దాయనా, నీళ్లతో నోరు పుక్కిలించు. గాలి గట్టిగా లోపలికి పీల్చి కాసేపు బిగబట్టు, రెండు మూడు సార్లు అలా చేసి, రొమ్ములోంచి దగ్గి, వచ్చిన గళ్లను డబ్బాలో వెయ్యి. రేపు తెల్లవారి లేవగానే ఇంకో డబ్బాలో కూడా అంతే." ఇది వార్డు లోపల కాదు, బయట గాలి ఆడే చోట, పక్కన మనుషులు లేకుండా చేయించాలి. డబ్బా తీసుకునే ముందు మూత పెట్టించి వెలుతురులో పట్టుకుని చూడు. నీళ్లలా ఊగితే ఇంకోసారి దగ్గించు.

చివరగా హీమోప్టిసిస్, హెమటెమెసిస్. పరీక్షలో తప్పకుండా తికమకపెడతాయి, వార్డులో ఇంకా ఎక్కువ. మొదటిది దగ్గులో రక్తం, ఊపిరితిత్తుల వైపు నుంచి వచ్చేది. రెండోది వాంతిలో రక్తం, పొట్ట వైపు నుంచి. ఇంట్లోవాళ్లు రెంటికీ "నోట్లోంచి నెత్తురు పడింది" అంటారు, లేదా "నెత్తురు కక్కుకున్నాడు" అంటారు. కక్కుకున్నాడు అన్నంత మాత్రాన వాంతి అని రాయొద్దు. "ముందు దగ్గు వచ్చిందా, కడుపులో తిప్పిందా?" అని అడుగు. దగ్గులో వచ్చింది సాధారణంగా ఎర్రగా, నురగతో, గళ్లతో కలిసి ఉంటుంది. వాంతిలో వచ్చింది ఎక్కువగా నల్లబడి కాఫీ పొడిలా, తిన్న మెతుకులతో ఉంటుంది. ముక్కు నుంచి కారి గొంతులోకి దిగిన రక్తం కూడా ఇలాగే బయటికి రావచ్చు, అందుకని ముక్కు సంగతి కూడా అడుగు. ఆయాకి ముందే చెప్పి ఉంచు, నువ్వు చూసేదాకా బేసిన్ కడగవద్దని.