సొంత లాయరుతో కౌంటరు వేయించండి

"స్నేహితుడికి కారిచ్చాను, గుద్దేశాడు. లైసెన్సు లేదని తర్వాత తెలిసింది. ఇన్సూరెన్స్ ఉన్నా ట్రైబ్యునల్ నోటీసు నాకెందుకు?"

ప్రమాద పరిహారం కేసులో కారు యజమానిగా మిమ్మల్నీ ప్రతివాదిగా చేర్చారు. పైగా లైసెన్సు లేనివారిని నడపనివ్వడం మోటారు వాహనాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం యజమాని తప్పు.

1. ఇన్సూరెన్స్ కంపెనీ లాయరే చూసుకుంటాడని వాయిదాకు వెళ్ళకపోవడమే చాలామంది చేసే పొరపాటు. ఆ లాయరు మీ తరఫు కాదు. బాధితులకు చెల్లించిన సొమ్మును మీ నుంచి రాబట్టుకునే ఉత్తర్వు కోరతాడు.

2. లైసెన్సు లేదని చూపితే చాలదని, యజమాని తగిన జాగ్రత్త తీసుకోలేదని కంపెనీయే రుజువు చేయాలని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి తాళాలిచ్చేముందు లైసెన్సు అడిగారా, అతను పంపిన ఫొటో మీ వాట్సాప్‌లో ఉందా అన్నది కౌంటరులో రాయించి, మీరే సాక్ష్యం చెప్పండి.

3. అడగనే లేదంటే అడిగానని రాయించకండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది నిలవదు.

4. అతను తాగి ఉంటే వెంటనే లాయరుకు చెప్పండి. 2019 సవరణ తర్వాత అదీ కంపెనీ చేతిలో వాదనే.