ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు: తమ్ముడికి ఉత్తరం

చిరంజీవి సుబ్బారావుకి అన్నయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రిపోర్టులన్నీ చదివాను. ముందు అసలు మాట చెప్పేస్తాను. వచ్చే సోమవారం ప్రొస్టేట్ గ్రంథి ఆపరేషన్‌కి ఒప్పుకోకు. నీ కాగితాల్లో ఉన్నదాన్నిబట్టి రెండు మూడు నెలలు నిదానంగా ఆలోచించుకున్నా నీకు నష్టమేమీ లేదు. అసలు ఆపరేషనే అవసరం పడకపోవచ్చు. ఇది నీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, యూరాలజీలో నా వయసంతా గడిపి అంటున్న మాట.

అబ్బాయి బుక్ చేసిన హెల్త్ చెకప్‌లో పీఎస్ఏ 7.2 అని, పక్కన నక్షత్రం గుర్తుతో వచ్చింది. 4 దాటిందని చెప్పడానికే ఆ గుర్తు. పీఎస్ఏ అంటే వీర్యాన్ని పలచబరచడానికి ప్రొస్టేట్ కణాలు తయారుచేసే ప్రొటీన్. మంచి కణాలూ చేస్తాయి, క్యాన్సర్ కణాలూ చేస్తాయి. వయసుతో గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, మూత్రం ఆగిపోయి గొట్టం వేసినా అది రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. 4కీ 10కీ మధ్య వచ్చినవాళ్లకు సూదితో ముక్కలు తీసి చూసే బయాప్సీ చేస్తే సుమారుగా నలుగురిలో ఒకరికే క్యాన్సర్ కనబడుతుంది. 4 లోపు ఉంటే లేనట్టేనా అంటే అదీ కాదు. అమెరికాలో ఒక పెద్ద అధ్యయనంలో పీఎస్ఏ 4 దాటని పెద్దవాళ్లకు కూడా బయాప్సీ చేసి చూస్తే 15 శాతం మందిలో క్యాన్సర్ దొరికింది.

మీ వియ్యంకుడుగారు తనకి 3.4 వచ్చిందని నిశ్చింతగా ఉన్నారని రాశావు. ఆయన ఏళ్ల తరబడి, పెరిగిన గ్రంథిని కుదించే డ్యూటాస్టెరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు కదా? ఆ మందు ఆరు నెలల నుంచి ఏడాదిలోపు పీఎస్ఏని దాదాపు సగానికి దించేస్తుంది. ఆయన అంకెను రెట్టింపు చేసి 6.8గా చదవాలి. ల్యాబ్ వాళ్లకి మాత్ర సంగతి తెలియదు కాబట్టి నక్షత్రం వేయలేదు. ఆయన్ని ఒకసారి డాక్టరుకి చూపించుకోమను.

నీ విషయానికొస్తే, ఆరు వారాలాగి మళ్లీ చేయిస్తే 6.1కి దిగింది. ఎమ్మారైలో గ్రంథి 52 మిల్లీలీటర్లు ఉంది. 6.1ని 52తో భాగిస్తే 0.12 వస్తుంది. ఈ లెక్క 0.15 కంటే తక్కువ ఉంటే, పీఎస్ఏలో ఎక్కువ భాగం పెరిగిన గ్రంథి నుంచే వస్తోందనుకోవచ్చు. బయాప్సీలో తీసిన 14 ముక్కల్లో రెండింటిలోనే క్యాన్సర్ ఉంది, అదీ గ్లీసన్ 3+3=6. గ్లీసన్ అంటే కణాల ముదురుతనానికి 5 దాకా అంకెలిచ్చి, రెండు అంకెలు కలిపి చెప్పే పదికి లెక్క. అందులో 6 అంటే సగానికి మించిన స్కోరనుకుని భయపడ్డావు. ఈ రోజుల్లో బయాప్సీలో ఇచ్చే స్కోరు 6తోనే మొదలవుతుంది, అన్నిటికంటే నెమ్మదైన రకం అదే. 6 మాత్రమే ఉన్న కణితి శరీరంలో మరోచోటికి పాకడం దాదాపు ఉండదు.

మరదలు "క్యాన్సర్‌ని లోపల పెట్టుకుని ఎలా కూర్చుంటారు" అంటోందట. ఆ భయం సహజం. ఆవిడకి ఈ ముక్క చదివి వినిపించు. వేరే కారణాలతో చనిపోయిన మగవాళ్ల ప్రొస్టేట్‌ని కోసి చూస్తే, డెబ్భై దాటినవాళ్లలో మూడోవంతుకు పైగా మందిలో క్యాన్సర్ ఉంటుంది. బతికి ఉన్నంతకాలం వాళ్లకు దాని సంగతే తెలియదు. పీఎస్ఏ పరీక్ష ఇలాంటివాటిని కూడా పైకి లాగుతుంది. యూరప్‌లో లక్షన్నర మందికి పైగా మగవాళ్లను 23 ఏళ్లపాటు గమనించారు. పరీక్షకు పిలిచినవాళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. కాబట్టి పరీక్ష దండగ అనను. మన దగ్గర ఎముకల నొప్పులు మొదలయ్యాక వచ్చి, అప్పటికే జబ్బు పాకిపోయినవాళ్లను నేను ఎంతోమందిని చూశాను. కానీ ఆ లెక్కలోనే, ఒక్క మరణం తప్పడానికి 12 మందిలో అదనంగా క్యాన్సర్ బయటపెట్టాల్సి వచ్చింది. ఆ అదనపు రోగుల్లో చాలామందికి జబ్బు ఎప్పటికీ తెలిసేదే కాదు. అందరినీ కోస్తే మూత్రం కారడం, అంగం గట్టిపడకపోవడం మిగులుతాయి.

నీలాంటివాళ్లను వెంటనే కోయకుండా గమనిస్తే ఏమవుతుంది? బ్రిటన్‌లో 1,643 మందిని లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆపరేషన్, ఒకదానికి రేడియేషన్, మూడోదానికి గమనింపు. 15 ఏళ్లకు ఏ గుంపులో చూసినా ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్లు 3 శాతం దాటి పెద్దగా లేరు. నిజం దాచకుండా చెప్పాలంటే, జబ్బు పాకడం మాత్రం గమనింపు గుంపులో 9 శాతం, మిగతావాటిలో 5 శాతం. అయితే ఆ గుంపులో నీకంటే ముదురు జబ్బు ఉన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లను గమనించింది కూడా ముఖ్యంగా పీఎస్ఏతోనే. ఇప్పుడు ఎమ్మారై, మళ్లీ బయాప్సీ చేస్తాం. ఇంకో వైపు, 12 ఏళ్లకు మూత్రం కారి ప్యాడ్ పెట్టుకునేవాళ్లు ఆపరేషన్ గుంపులో 24 శాతం, గమనింపు గుంపులో 11 శాతం.

గమనింపు అంటే ఇంట్లో కూర్చుని మర్చిపోవడం కాదు. ఆరు నెలలకోసారి ఒకే ల్యాబ్‌లో పీఎస్ఏ, ఏడాదికోసారి డాక్టరు వేలితో పరీక్ష. ఏడాదిలోపు రెండో బయాప్సీ తప్పనిసరి, ఈసారి మలద్వారం గుండా కాకుండా వృషణాలకీ మలద్వారానికీ మధ్యనున్న చర్మం గుండా చేయమని అడుగు, ఇన్ఫెక్షన్ భయం తక్కువ. రెండోసారి ఎందుకంటే, పొలంలో బోరు వేస్తే పక్కనే ఉన్న నీటిపాయ తగలకుండా పోయినట్టు, మొదటిసారి సూదికి ముదురు జబ్బు తగలకపోయి ఉండవచ్చు. రెండో బయాప్సీలోనూ 6 మాత్రమే ఉంటే తర్వాతివి రెండు మూడేళ్లకోసారి, మధ్యలో ఎమ్మారై. పీఎస్ఏ 6.1 నుంచి 7.5కి వెళ్లిందని ఎవరైనా వెంటనే కోద్దామంటే వినకు. దాన్ని మళ్లీ చేయించి, పెరుగుదల నిజమైతే ఎమ్మారై, బయాప్సీ చూడాలి. సూదిముక్కలో గ్లీసన్ 4 అంకె కణాలు కనబడితే అప్పుడు వైద్యం మాట మాట్లాడదాం. సుమారు సగంమంది ఏదో ఒకనాడు వైద్యం దాకా వెళ్తారు, అది ఓటమి అనుకోకు. అప్పటిదాకా గడిచిన మంచి ఏళ్లు నీవే.

అందరికీ ఇది పనికిరాదు. మొదటే గ్లీసన్ 4+3 ఉన్నవాళ్లు, పీఎస్ఏ 20 దాటినవాళ్లు గమనింపుతో సరిపెట్టుకోకూడదు. బీఆర్‌సీఏ2 జన్యుదోషం ఉన్నవాళ్లలో ఈ జబ్బు దూకుడుగా ఉంటుంది. ఆ దోషమే ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ముప్పునీ పెంచుతుంది. మన మేనత్తకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది కాబట్టి ఈ మాట నీ డాక్టరుకి తప్పకుండా చెప్పు. పరీక్షలకు సమయానికి వెళ్లలేనివాళ్లకూ ఇది కుదరదు. నువ్వు వెళ్తావని నాకు నమ్మకం.

ఈ వారం చేయాల్సింది ఒకటే. బయాప్సీ చేసిన ఆస్పత్రికి వెళ్లి, రిపోర్టు కాదు, నీ ముక్కలున్న గాజుపలకలూ మైనపు బ్లాకులూ అడిగి తీసుకో. ఇంకో డాక్టరు అభిప్రాయం కోసమని చెప్పి అడుగు. ప్రొస్టేట్ బయాప్సీలు రోజూ చూసే పేథాలజిస్టుతో మళ్లీ చదివిద్దాం. 3కీ 4కీ తేడా దగ్గర ఇద్దరు నిపుణులు విభేదించడం కొత్తేమీ కాదు, నీ నిర్ణయమంతా ఆ తేడా మీదే ఉంది. ఎమ్మారై సీడీ కూడా తెచ్చుకో. అబ్బాయికి ఇప్పుడు 38 ఏళ్లే కాబట్టి వాడికి పీఎస్ఏ అక్కర్లేదు. నలభై అయిదు వచ్చాక మాత్రం తండ్రికి ఈ జబ్బు ఉందని డాక్టరుకి చెప్పమను.

మీ అన్నయ్య