పనీర్ నీళ్ళని మజ్జిగ అనకండి బాబూ

"మీగడ, క్రీమ్, మజ్జిగ, పనీర్ చేస్తే మిగిలే నీళ్ళు, అన్నీ పాల నుంచే కదా వస్తాయి, అసలు తేడా ఏంటి? ఒక వీడియోలో పనీర్ నీళ్ళనే బటర్ మిల్క్ అన్నారు, కరెక్టేనా?"

కాదు. ఆ వీడియో చేసినావిడ జన్మలో కవ్వం పట్టుండదు, అది మాత్రం రాసిస్తాను. పాలల్లో నుంచి వెన్న ఒక్కటి తీసేస్తే మిగిలేది మజ్జిగ. వెన్నతో పాటు పాలకి తెలుపునిచ్చే ప్రోటీన్ (కేసీన్ అంటారు) కూడా గడ్డకట్టించి తీసేస్తే మిగిలేది పనీర్ నీళ్ళు, అంటే విరుగుడు. నమ్మకపోతే రెండు గాజు గ్లాసుల్లో పోసి కిటికీ దగ్గర పెట్టి చూడండి, మజ్జిగ గ్లాసులోంచి అవతల ఏమీ కనపడదు, విరుగుడు మాత్రం లేత ఆకుపచ్చ పసుపులో తేటగా ఉంటాది. ఆ రంగు బి2 విటమిన్ ది, పాలల్లో ఎప్పుడూ ఉండేదే, తెలుపు అడ్డం ఉండబట్టి మనకి కనపడదంతే.

ఇంక మీగడకీ క్రీముకీ వస్తే, క్రీముకి పొయ్యితో పనే లేదు. పచ్చిపాలు కదపకుండా వదిలేస్తే కొవ్వు తేలిక కాబట్టి పైకి వస్తాది, డైరీల్లో అంతసేపు ఆగకుండా మిషన్ లో గిర్రున తిప్పి తీసేస్తారు. మీగడ అలాగ కాదు. పాలు కాగి, నెమ్మదిగా చల్లారుతున్నప్పుడు పైన నీరు ఆవిరై ప్రోటీన్ ఉడికి పొరలాగ కడతాది, పైకి తేలిన కొవ్వు ఆ పొరలో చిక్కుకుంటాది. అందుకే మీగడని చేత్తో తీస్తే పొరలాగే వస్తాది, క్రీమ్ జారిపోతాది. బొబ్బిలి దగ్గర మా అమ్మ వాళ్ళూర్లో పిడకల దాలి మీద కుండతో గేదెపాలు పొద్దున్న పెడితే మజ్జానానికి ఎర్రగా, మందంగా మీగడ కట్టేది. ఇప్పుడు విజయనగరంలో ప్యాకెట్ పాలు కొంటున్నాను, కవర్ మీద హోమోజినైజ్డ్ అని ఉంటే మీగడ మీద ఆశ వదిలేసుకోండి, కొవ్వుని అంత సన్నగా చితక్కొట్టేస్తే ఇంక పైకి తేలదు. టోన్డ్ అయితే కొవ్వే 3 శాతం, ఫుల్ క్రీమ్ అయితే 6. డబ్బులు పోసి కొని మళ్ళీ మీగడ రాలేదని పాలవాడిని తిడతాం. పాలు కాగాక గట్టిగా మూత పెట్టేసేవాళ్ళు కూడా అనకండి మీగడ రాలేదని, ఆవిరి లోపలే ఉండిపోతే పొర ఎలాగ కడతాది.

అసలు నేను చెప్దామనుకున్నది వెన్న సంగతి. మొన్న మే నెల ఎండల్లో మా పక్కింటమ్మాయి మిక్సీ జార్ చేత్తో పట్టుకుని వచ్చేసింది, "అక్కా ఏటిది, అరగంట నుంచి తిప్పుతున్నాను, వెన్న రావట్లేదు, మీగడ పాడైపోయిందేటి" అని. మూత తీసి చూస్తే తెల్లగా, మెరుస్తూ, జిడ్డుగా సాగుతోంది, జార్ పట్టుకుంటే వెచ్చగా ఉంది. వాసన చూశాను, పుల్లటి వాసనే గానీ చెడిన వాసన కాదు. మీగడది తప్పు కాదు, వేడిది. కొవ్వు చిన్న చిన్న గుండ్లుగా పాలల్లో ఉంటాది, ఒక్కో గుండు చుట్టూ సన్నటి పొర. చిలికితే ఆ పొర చిరిగి గుండ్లు ఒకదానికొకటి అతుక్కోవాలి, అతుక్కోవాలంటే లోపలి కొవ్వు కొంచెం గట్టిగా, కొంచెం మెత్తగా ఉండాలి. మొత్తం కరిగిపోయి నూనె అయిపోతే అతుక్కోదు, ఇలాగే జిడ్డుగా తిరుగుతా ఉంటాది. మన ఊరి ఎండకి తోడు మిక్సీ బ్లేడు వేడి, ఇంకేం వస్తాది.

జార్ ని ఫ్రిజ్ లో పెట్టమన్నాను, ఫ్రీజర్ లో వద్దు, గంట పైనే ఉంచి, తర్వాత ఐసు ముక్కలూ చల్లటి నీళ్ళూ మీగడకి దాదాపు సమానంగా పోసి, ఆపి ఆపి తిప్పమన్నాను, ఒకటే పనిగా తిప్పొద్దు. 12 నుంచి 15 డిగ్రీల దగ్గర బాగా వస్తాది గానీ థర్మామీటర్ ఎవరికి ఉంది, జార్ బయట చెమట పట్టిందంటే చాలు. ముందు చిక్కగా ఉబ్బింది, మిక్సీ మూలిగింది, ఉన్నట్టుండి చప్పుడు మారిపోయి లోపల నీళ్ళు ఎగిరినట్టు తపతపమంది. అదే గుర్తు, అక్కడ ఆపేయాలి. మూత తీస్తే బొంబాయి రవ్వలాగ పసుపు చాయతో పలుకులు తేలుతున్నాయి, కింద పల్చటి తెల్లనీళ్ళు. ఆ పిల్ల మొహం చూడాలి. ఇంకా తిప్పుతానంది, వద్దన్నాను, ఎక్కువ తిప్పితే పలుకుల్లో మజ్జిగ ఇరుక్కుపోయి వెన్న తొందరగా పులుస్తాది. చేత్తో కూడదీసి చల్లటి నీళ్ళల్లో నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. చలికాలంలో దీనికి రివర్సు, మరీ చల్లగా ఉంటే ఎంత చిలికినా పలుకు కట్టదు, గోరువెచ్చటి నీళ్ళు కాసిని పోయాలి.

ఆ కింద మిగిలిన తెల్లనీళ్ళే అసలు మజ్జిగ. మీగడకి తోడు వేసి పులియబెట్టి చిలికితే పుల్లటి మజ్జిగ, తోడు వేయకుండా చిలికితే తియ్యగా పల్చటి పాలలాగ ఉంటాది. ఈ రోజుల్లో పెళ్ళిళ్ళలో పెరుగులో నీళ్ళు కలిపి, అల్లం పచ్చిమిర్చి కొట్టి మజ్జిగ అని గ్లాసుల్లో పెడుతున్నారు, దాంట్లోంచి వెన్న ఎవరు తీశారండీ, అది నీళ్ళ పెరుగు. తాగడానికి బాగానే ఉంటాది, నేనూ తాగుతాను, కానీ పేరు పేరే కదా. ఒకటి గమనించండి, మజ్జిగ రాత్రంతా వదిలేస్తే తెలుపంతా అడుక్కి దిగి పైన తేట తేలుతాది. ఆ తేటా, పనీర్ నీళ్ళూ చుట్టాలే. అంటే మజ్జిగలో తేట ఉంటాది గానీ తేట మజ్జిగ అవ్వదు.

పనీర్ నీళ్ళ గురించి ఇంకోటి. మా అన్నయ్య కొడుకు జిమ్ముకి వెళ్తున్నాడు, వే అంటే విరుగుడే, ఆ వే ప్రోటీన్ డబ్బా ఖరీదని పనీర్ నీళ్ళు గ్లాసులకి గ్లాసులు తాగుతున్నాడు. ఆ డబ్బాలోది ఎక్కువగా చీజ్ ఫ్యాక్టరీల నుంచి వచ్చేది, అక్కడ పాలని మరగబెట్టరు, రెన్నెట్ అనే ఎంజైమ్ వేసి విరగ్గొడతారు, అందుకే వే ప్రోటీన్ చాలావరకు నీళ్ళల్లోనే ఉండిపోతాది. మనం పనీర్ కి పాలు బాగా కాచి నిమ్మరసం పిండుతాం, ఆ వేడికి ఆ ప్రోటీన్ చాలా మటుకు పోయి కేసీన్ కి అంటుకుని పనీర్ లోకే వెళ్ళిపోతాది. నీళ్ళల్లో మిగిలేది పాల చక్కెర, ఉప్పులు, ప్రోటీన్ ఏదో కొంచెం. "ఒరే, ఆ నీళ్ళ బదులు పనీరే తినరా" అన్నాను, వింటే కదా. పారబొయ్యక్కర్లేదు, చపాతీ పిండి కలుపుకోవచ్చు, పప్పులో పోసుకోవచ్చు, లీటరు పాలకి ముప్పావు లీటరు దాకా వస్తాయి. పాలు అరగనివాళ్ళు మాత్రం చూసుకోండి, ఆ చక్కెరే కడుపుబ్బరం తెస్తాది.

ఇంకా తేడా తెలియకపోతే పొయ్యి మీద పెట్టి చూడండి. మజ్జిగని ఉత్తగా మరిగిస్తే విరిగిపోయి తెల్ల ముక్కలూ, పల్చటి నీళ్ళూ వేరైపోతాయి, లోపల కేసీన్ ఉంది కాబట్టి. మజ్జిగ పులుసుకి ముందే శనగపిండి కలుపుతాం చూడండి, అది చిక్కదనానికొక్కదానికే కాదు, విరక్కుండా పట్టుకోడానికి కూడా. పనీర్ నీళ్ళు మాత్రం ఎంతసేపు మరిగినా అలాగ ముక్కలు ముక్కలుగా విరగవు, విరగడానికి అందులో మిగిలుంటే కదా.