0.999... సరిగ్గా ఒకటే, ‘దాదాపు’ కాదు

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. 0.999... అంటే సరిగ్గా 1 అని స్కూల్లో చెప్పారట. ఎన్ని తొమ్మిదులు రాసినా ఒకటికి కొంచెం తక్కువే కదా? ‘దాదాపు ఒకటి’ అనాలి గానీ ‘ఒకటి’ అని ఎలా అంటారు?

జవాబు:

హైదరాబాద్ విద్యానగర్‌లో మా ఇంట్లోనే పదకొండేళ్లుగా తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతున్నాను. బడులు తెరిచి వాస్తవ సంఖ్యల పాఠం మొదలుపెట్టగానే ఏటా ఈ ప్రశ్న వస్తుంది. మొదట్లో నేనూ అందరిలాగే బోర్డు మీద ఈ నాలుగు వరసలు రాసేదాన్ని:

```
x = 0.999...
10x = 9.999...
10x - x = 9
9x = 9, x = 1
```

ఒక ఏడాది ఒక అమ్మాయి లేచి, "మేడం, పదితో గుణిస్తే పాయింట్ ఒక స్థానం కుడికి జరుగుతుంది కదా. అంటే పాయింట్ తర్వాత ఒక తొమ్మిది తగ్గాలి. మరి తీసివేస్తే సరిగ్గా 9 ఎలా వచ్చింది?" అని అడిగింది. "పరీక్షలో ఇలా రాస్తే మార్కులు వేస్తారమ్మా" అని దాటేశాను. ఆ పిల్ల కూర్చుంది కానీ ఒప్పుకోలేదని మొహం చూస్తేనే తెలిసింది. ఆ రోజు నేను చెప్పింది జవాబు కాదు. అందుకే ఇప్పుడు ఈ ప్రశ్న ఎవరు అడిగినా పూర్తిగా చెబుతాను.

ముందు ఆ అమ్మాయి అనుమానమే చూద్దాం. నాలుగు తొమ్మిదుల దగ్గర ఆపితే x = 0.9999, 10x = 9.999. తీసివేస్తే 8.9991 వస్తుంది, 9 రాదు. ఆగిపోయే దశాంశానికి ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆగనిదానికి మాత్రం అలా కాదు. పాయింట్ జరిపాక వందో స్థానంలో కూర్చునేది ఇంతకుముందు నూటొకటో స్థానంలో ఉన్న అంకె. అది 9. వెయ్యో స్థానంలోకి వచ్చేది వెయ్యిన్నొకటో స్థానంలోది. అదీ 9. ఏ స్థానం అడిగినా దాని పక్క స్థానం ఎప్పుడూ ఉంటుంది, అందులో 9 ఉంటుంది. తగ్గాల్సిన ‘చివరి తొమ్మిది’ అసలు లేదు కాబట్టి ఏదీ తగ్గలేదు.

ఇంకో పిల్లాడు వాళ్ల నాన్న కిరాణా కొట్టులోని పన్నెండంకెల క్యాలిక్యులేటర్ తెచ్చాడు. 1ని 3తో భాగించి, మళ్లీ 3తో గుణించి నా ముందు పెట్టాడు. 0.99999999999 అని ఉంది. "చూడండి మేడం, ఒకటి రాలేదు" అన్నాడు. పాయింట్ తర్వాత ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టమన్నాను. పదకొండు. అంటే భాగించినప్పుడు ఆ మిషన్ దగ్గర మిగిలింది మూడో వంతు కాదు, పదకొండు మూడులు మాత్రమే. పన్నెండో మూడుకి చోటు లేక అక్కడ కోసేసింది. కోసిన దాన్ని మూడుతో గుణిస్తే ఒకటికి 0.00000000001 తక్కువ వచ్చింది. క్యాలిక్యులేటర్ చెప్పింది పదకొండు తొమ్మిదుల సంగతి. మనం అడిగింది 0.999... సంగతి. ఈ రెండూ వేర్వేరు సంఖ్యలు.

మీ ప్రశ్నలో ‘ఎన్ని తొమ్మిదులు రాసినా’ అన్న చోటే అసలు చిక్కు ఉంది. 0.9, 0.99, 0.999 అని రాసుకుంటూ పోతే వచ్చే వరసలో ఏ ఒక్కటీ 1 కాదు, మీరన్నది నిజమే. కానీ చుక్కలు పెట్టి రాసిన 0.999... ఆ వరసలో ఎక్కడో దూరంగా ఉన్న సంఖ్య కాదు. ఆ వరస మొత్తం ఏ విలువ దగ్గరికి ఎంత కావాలంటే అంత చేరువవుతుందో ఆ విలువకి పెట్టిన పేరు. ఇంటర్‌లో దీన్నే అవధి అంటారు. అది ఎక్కడికీ ప్రయాణం చేయడం లేదు, సంఖ్యారేఖ మీద ఒక చోట స్థిరంగా ఉంది. ఆ చోటు ఏదన్నదే ప్రశ్న.

దానికి నాకు అన్నిటికన్నా గట్టిగా అనిపించే దారి ఇది. 0.999...కీ 1కీ మధ్య ఏదో తేడా ఉందని అనుకుందాం. ఎంతో మీరే చెప్పండి. కోటిలో ఒక వంతు అన్నారనుకోండి. ఎనిమిది తొమ్మిదులు రాస్తేనే ఒకటికి మిగిలే తేడా పది కోట్లలో ఒక వంతు. 0.999... ఆ ఎనిమిది తొమ్మిదులకంటే పెద్దది, కాబట్టి దాని తేడా అంతకన్నా తక్కువ. అంటే కోటిలో ఒక వంతు కాదని తేలిపోయింది. ఇంకా చిన్నది చెప్పండి, ఇంకొన్ని తొమ్మిదులు తీసుకుని అదీ కాదని చూపిస్తాను. సున్నా కంటే పెద్దదైన ఏ వాస్తవ సంఖ్య చెప్పినా ఇంతే. ఇక మిగిలేది సున్నా ఒక్కటే. తేడా సున్నా అయిన రెండు సంఖ్యలు ఒకటే సంఖ్య.

ఇక్కడ పిల్లలు తప్పకుండా "0.000... రాసి చివర్లో 1 పెడితే అదే తేడా" అంటారు. ఆ 1 ఎన్నో స్థానంలో ఉందని అడుగుతాను. ఇరవయ్యో స్థానం అంటే, 0.999...కి ఇరవై ఒకటో స్థానంలోనూ 9 ఉంది కాబట్టి ఆ తేడా ఎక్కువైపోతుంది. ఏ స్థానమూ చెప్పలేకపోతే అది దశాంశమే కాదు. చివరే లేని వరసకి చివర్న ఏమీ పెట్టలేం. (అనంతంగా చిన్న సంఖ్యలుండే వ్యవస్థని 1960లలో అబ్రహాం రాబిన్సన్ నిర్మించాడు. కానీ బడి నుంచి ఇంజినీరింగ్ దాకా మనం వాడేది వాస్తవ సంఖ్యల్ని, వాటిలో అలాంటివి లేవు.)

మూడో వంతు 0.333..., దాన్ని మూడింతలు చేస్తే 0.999... అనే దారి పిల్లలకి త్వరగా ఎక్కుతుంది. 0.999...ని అనుమానించే పిల్లలెవరూ 0.333...ని అనుమానించరు, అదే నాకు ఆశ్చర్యం. అది మూడో వంతు ఎందుకయిందన్నదీ పైన చెప్పిన తేడా లెక్కతోనే తేలాలి.

మీ అబ్బాయితో కూర్చుని ఒక భాగహారం చేయించండి. 9ని 9తో భాగించాలి, కానీ ఒకసారి పోతుంది అనకుండా సున్నాసార్లు అని మొదలుపెట్టాలి. శేషం 9. పాయింట్ పెట్టి సున్నా దించితే 90. ఇందులో 9 పదిసార్లు పోతుంది, కానీ ఒక స్థానంలో ఒక అంకెకే చోటు కాబట్టి తొమ్మిదిసార్లు అనుకుందాం. 81 తీసేస్తే మళ్లీ శేషం 9. మళ్లీ 90, మళ్లీ 9. భాగఫలం 0.999... అని సాగుతుంది. శేషం ఎప్పుడూ 9గానే కనిపిస్తుంది గానీ, దాని అసలు విలువ మొదట పదిలో తొమ్మిది వంతులు, తర్వాత వందలో తొమ్మిది వంతులు, అలా పదేసి రెట్లు తగ్గుతూనే ఉంటుంది. 9ని 9తో భాగిస్తే 1 అని మనకి ముందే తెలుసు. అదే విలువ ఇక్కడ ఇంకో వేషంలో వచ్చింది.

ఇలా రెండు పేర్లుండటం 1 ఒక్కదానికే కాదు. 0.5ని 0.4999... అని, 2.37ని 2.36999... అని కూడా రాయొచ్చు. 7.2కి రెండో పేరేంటో, తేడా సున్నా అని ఎలా చూపిస్తాడో మీవాణ్ణి అడగండి.