కడుపులో దాగిన మూడు మాటలు

హనుమకొండ

బిడ్డా స్వప్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఖాస్రా పహాణీ, అదే పాత భూమి రికార్డు, తెలుగు నకలు చూసిన. మీ క్లయింటు తాత పేరు పక్కన "శిఖం" అని ఉందని, భూమి చెరువులో పోయిందేమోనని వాళ్లింట్ల అందరూ టెన్షన్ పడుతున్నరని రాసినవు. ముందు వాళ్లను నెమ్మదిగా ఉండమను. ఆ మాట అక్కడ ఉండాల్సింది కాదని నా అనుమానం. ఎందుకో చెప్తా.

శిఖం అని ఖ ఒత్తు పెట్టి రాయడం మనకు అలవాటైంది. చూడగానే శిఖరానికి చుట్టమేమో అనిపిస్తది. అసలు మాట ఫారసీలోని శికమ్, అంటే కడుపు. "శికమ్ తలాబ్" అంటే చెరువు కడుపు, నీళ్లు నిండే జాగ. మన రికార్డుల్లో శిఖం భూమి అన్నది అదే. శిఖం పట్టా అని కూడా ఉంటది. నీళ్లు దిగినంక ఆ జాగల దున్నుకునే పట్టా అన్నమాట.

అదే కడుపు నుంచి ఇంకో మాట పుట్టింది: శిక్మీ. కడుపులోనిది, లోపలిది అని అర్థం. ఒకరి పేర పట్టా ఉంటే, ఆ పట్టా లోపల ఉన్న ఇంకో మనిషి శిక్మీ. ఉర్దూలో శికమ్‌కు, శిక్మీకి తేడా చివరి ఒక్క అక్షరమే. పట్వారీలు గీకిన శికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఆ చివరి అక్షరం తోకలాగా కలిసిపోతది, చుక్కలు సగం ఉండవు. తెలుగు చేసినాయనకు శిఖం తెలిసిన మాట కాబట్టి, అదే రాసి ఉంటడు.

అది తేల్చుకోవడం కష్టం కాదు. మాట ఏ గడిలో ఉందో చూడు. చెరువు శిఖం అయితే నేల రకం రాసే దగ్గర ఉండాలి, మనిషి పేరు పక్కన కాదు. నువ్వు పంపిన దాంట్ల నేల రకం గడిలో "ఖుష్కి" అని స్పష్టంగా ఉంది. ఖుష్క్ అంటే ఎండినది, మన మెట్ట. తడి నేల అయితే "తరి" అని ఉండేది. మెట్ట శిస్తు కట్టే భూమి చెరువు కడుపులో ఎట్లుంటది? అయినా నా మాట మీద ఉండకు. గ్రామ నక్ష, ఆ నంబరు కొలతల పటం, అదే టిపన్, తీయించి చెరువు గీత ఎక్కడ పోతుందో చూడు.

ఇగ అసలు చిక్కు ఇక్కడ మొదలైతది. శిక్మీ అనే చదివినమనుకో. ఆ శిక్మీ ఎవరు? హక్కుదారా, కౌలుదారా?

హైదరాబాద్ భూమి శిస్తు చట్టం, అదే నిజాం సర్కారు ఫస్లీ లెక్కల 1317వ సంవత్సరం చట్టం, రెండు మాటలను విడివిడిగా చెప్పింది. శిక్మీదార్ అంటే పట్టాదారులాగే భూమిలో హక్కున్నవాడు, లేదా మొదటినుంచీ పట్టాదారుతో కలిసి కబ్జాలో ఉన్నవాడు. ఆసామీ శిక్మీ అంటే పట్టాదారు ద్వారానో, భూమి చేతిలో ఉన్న ఇంకొకరి ద్వారానో భూమి చేసుకునే కౌలుదారు. ముందు ఒక్క మాట చేరితే మనిషి హక్కే మారిపోయింది. తమాషా ఏమంటే, మన ఊళ్లల్ల ఆసామి అంటే భూమిగల్ల పెద్దమనిషి, మోతుబరి. రికార్డులో ఆసామీ శిక్మీ అంటే ఆ పెద్దమనిషి కింద దున్నుకునేటోడు. నిఘంటువు చూసినా లాభం లేదు, అక్కడ "పేర్లు" అని ఉంటది. అరబ్బీలో ఆ మాట పుట్టుక అదే మరి.

నేను చూసిన పాత పహాణీల్లో పట్వారీలు తొందరకు రెండింటినీ ఉత్త "శిక్మీ" అని రాసిపెట్టినవి చాలా ఉన్నయి. కోర్టులో పనిచేసే రోజుల్ల అట్లాంటి ఒక మాటకు నేను "కౌలుదారు" అని తెలుగు చేసిన. పరకాల దిక్కు ఊరి కేసు. ఎదుటి వకీలు సేత్వార్, అంటే సర్వే అయినంక రాసిన మొదటి పుస్తకం, దాని నకలు తెచ్చి పెట్టిండు. అందులో సర్వే అయిననాటి నుంచే అన్న పేర పట్టా, తమ్ముడు శిక్మీ అని ఉంది. అన్నదమ్ముల భూమిని నేను కలం పోటుతో కౌలు చేసిన! సరిదిద్ది మళ్లీ రాసిచ్చిన గానీ, ఆ రోజు తల ఎత్తలేకపోయిన. మీ తాత పట్వారీ దగ్గర గుమాస్తాగా ఉండి నాకు ఉర్దూ నేర్పిండు. ఆయన ఉంటే ఏమనేవాడో తెలుసు.

కాబట్టి నువ్వు మూడు సంగతులు చూడు. మొదటిది, సేత్వార్‌లో ఆ తాత పేరో, వాళ్ల నాయన పేరో ఉందా? చట్టంలో "మొదటినుంచీ" అన్న మాట ఉంది కదా, దానికి సాక్ష్యం అక్కడే దొరకాలె. సేత్వార్ పూర్తి ఫారసీ మాటేం కాదు, మరాఠీ శేత్, అంటే చేను, అందులో ఉంది. చేను వారీగా రాసిన పుస్తకం. రెండోది, ఫైసల్ పట్టీ, వసూల్ బాకీ రిజిస్టర్లలో శిస్తు ఎవరి పేర జమ అయింది? మూడోది, కబ్జా ఎట్ల వచ్చిందో రాసినకాడ "కౌల్" అనో, "బటాయి" అనో ఉందా? కౌల్ అంటే ఒప్పుకున్న మాట, బటాయి అంటే పంట పంపకం. ఆ మాటలుంటే ఆసామీ శిక్మీ దిక్కే మొగ్గుతది. "ఖుద్" అని ఉంటే తన చేను తానే చేసుకుంటున్నడని. ఒకటి గుర్తుంచుకో, ఆసామీ శిక్మీ అని తేలినా రక్షిత కౌలుదారు అయిపోడు. దానికి 1950 కౌలుదారీ చట్టం కింద వేరే రిజిస్టర్ ఉంది, పేరు అందులో ఉండాలె.

కబ్జా అన్న మాట చూసి కూడా ఉలిక్కిపడకు. ఇప్పుడు పేపర్లల్ల కబ్జా అంటే గుంజుకోవడం. పహాణీలో ఉత్తగ చేతిలో ఉండడం అంతే. పట్టాదారే కబ్జాదారు అయిన నంబర్లు ఊరికి ఎన్నో.

విస్తీర్ణం తేడా వచ్చిందన్నవు. అది తప్పు కాదు. మొత్తం 5 ఎకరాల 20 గుంటలు, పోట్ ఖరాబ్ 20 గుంటలు, శిస్తు వేసింది 5 ఎకరాలకు. ఇక్కడ కూడా కడుపే బిడ్డా! మరాఠీలో పోట్ అంటే పొట్ట. నంబరు పొట్టలో ఉన్న పనికిరాని జాగ పోట్ ఖరాబ్. ఖరాబ్ అన్నంతమాత్రాన సర్కారుది అనుకోవద్దు. రాళ్లగడ్డనా, బండ్లబాటనా అన్నది టిపన్‌లో చూడు.

తేదీల దగ్గర జాగ్రత్త. శిస్తు రసీదు మీద బహ్మన్ 1350 ఫస్లీ అని ఉందన్నవు. నిజాం కాలపు ఫస్లీ సంవత్సరం ఆజుర్ నెలతో, అక్టోబర్ 6న మొదలయ్యేది. డిసెంబర్ దాకా 590, జనవరి నుంచి 591 కలుపు. బహ్మన్ మూడో నెల, కాబట్టి అది 1940 డిసెంబర్, కాకుంటే 1941 జనవరి మొదటి రోజులు. ఆ నెలలో ఎన్నో రోజో ఉంటే పక్కాగా చెప్పొచ్చు.

ఉర్దూ అసలు ప్రతికి సర్టిఫైడ్ నకలు అడుగు, తెలుగుది ఒక్కటే తీసుకురాకు. ఆదివారం పొద్దుగాల రా, నా భూతద్దం ఇక్కడే ఉంది. ఉర్దూ అంకెల్లో రెండుకు, మూడుకు ఒక్క పంటిలాంటి గీతే తేడా. ఏడును తలకిందులు చేస్తే ఎనిమిది. సర్వే నంబరు చివర ఉన్నది రెండా, మూడా అని నాకు ఇంకా అనుమానంగనే ఉంది. ఫోటోలో తేలుతలేదు.

మీ పెద్దబాపు