‘ఎంబీఏ ఎందుకు?’ అని అడిగితే ఏం చెప్పాలి

గుంటూరు

అమ్మడూ,

అహ్మదాబాద్ ఐఐఎం నుంచి ఫుడ్ అండ్ అగ్రిబిజినెస్ కోర్సుకి ఇంటర్వ్యూ కాల్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన జవాబులు చదివాను. ‘లీడర్‌షిప్ పెంచుకోవడానికి, ఎక్స్‌పోజర్ కోసం’ అన్న వాక్యం కొట్టెయ్. ఆ మాట ఎవరైనా, ఏ కాలేజీలోనైనా చెప్పొచ్చు. అసలు జవాబు నీ ఉద్యోగంలోనే ఉంది.

రెండేళ్లుగా మిర్చి ఎగుమతి కంపెనీ ల్యాబ్‌లో చేస్తున్నావు. యూరప్‌కి వెళ్లే సరుకులో బూజు వల్ల పుట్టే విషం అఫ్లటాక్సిన్ బి1 5 పీపీబీ, అన్ని రకాల అఫ్లటాక్సిన్లూ కలిపి 10 పీపీబీ దాటకూడదు. దాటితే లాట్ పక్కన పెడతావు. కానీ బూజు పట్టింది కల్లంలో. కాయ వట్టి నేల మీద ఆరింది, రాత్రి మంచుకి తడిసింది, తేమ దిగకముందే బస్తాలోకి ఎక్కింది. ల్యాబ్‌లో దాన్ని పట్టుకోవడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

టార్పాలిన్ల ఖర్చు ఎవరు పెట్టాలి? బాగా ఆరబెట్టిన రైతుకి క్వింటాకి ఎంత ఎక్కువిస్తే కంపెనీకి గిట్టుతుంది? యార్డులో కొనాలా, ఊళ్లోనే కొనాలా? ఇవి ల్యాబ్ తేల్చే విషయాలు కావు. ‘ఎమ్మెస్సీ ఎందుకు చేయకూడదు?’ అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు ఈ మూడు ప్రశ్నలే చెప్పు.

లక్ష్యం కూడా ఇందులోంచే రావాలి. ముందు మసాలా కంపెనీలో ప్రొక్యూర్‌మెంట్ ఉద్యోగం, తర్వాత రైతు సంఘాల నుంచి నేరుగా కొనే విభాగాన్ని నడపడం. సొంత స్టార్టప్ మాట ఎత్తకు. పెట్టుబడి లెక్క అడిగితే నీ దగ్గర లేదు.

‘ఈ కోర్సే ఎందుకు?’ అంటే ర్యాంకు, ప్లేస్‌మెంట్లు చెప్పకు. సిలబస్ తెరిచి నీకు రాని రెండు విషయాలకి సరిపోయే సబ్జెక్టులు రెండు ఎంచుకో. ధర నిర్ణయించడం రాదంటే దానికొకటి, సరుకు రవాణా, నిల్వ తెలియదంటే దానికొకటి. కాలేజీ పేరు మార్చినా నీ జవాబు సరిపోతోందంటే అది ఇంకా తయారవ్వలేదని అర్థం.

అంకెల దగ్గర జాగ్రత్త. ‘రిజెక్షన్ 50 శాతం తగ్గించాను’ అని రాశావు. ఎంత నుంచి ఎంతకి? నెలకి 40 లాట్లలో 6 పోయేవి 3కి వచ్చాయనుకో, అంటే 15 శాతం నుంచి 7.5కి. అలాగే చెప్పు. అందులో నీ వంతేమిటో కూడా విడిగా చెప్పు: బస్తాలు దించకముందే తేమ చూడాలన్న సూచన నీదా, మీ మేనేజరుదా? మీ టీమ్ చేసిందంతా నీ ఖాతాలో వేసుకుంటే రెండో ప్రశ్నకే దొరికిపోతావు. కొనుగోలుదారుల పేర్లు మాత్రం బయటపెట్టకు.

మొత్తం ఒకటిన్నర నిమిషంలో చెప్పేసి ఆగు. మధ్యలో ఆపి వేరే ప్రశ్న వేస్తే దానికే జవాబివ్వు, కంఠతా పట్టినదాన్ని పూర్తి చేయాలని చూడకు.

బయల్దేరే ముందు యార్డులో తేజ, 334 రకాల మిర్చి ధరలు కనుక్కో. ఆ రెంటికీ తేడా ఎందుకుందో కూడా తెలుసుకో. గుంటూరు మిర్చి అనగానే అడిగే ప్రశ్న అది.

ఆశీస్సులతో,
మావయ్య